మీకు తెలుసా? కంపెనీ నంబరులోనే దాని పాత ఊరు ఆచూకీ ఉంటుంది

రిలయన్స్ ఇండస్ట్రీస్ కాగితాల మీద పుట్టింది ముంబయిలో కాదని మీకు తెలుసా?

ఆ కంపెనీ 1973 మే 8న ‘మైనైలాన్ లిమిటెడ్’ పేరుతో ఇప్పటి కర్ణాటకలో నమోదైంది. 1977లో దాని పేరు రిలయన్స్ టెక్స్‌టైల్ ఇండస్ట్రీస్ అయింది. అదే ఏడాది రిజిస్టర్డ్ ఆఫీసు మహారాష్ట్రకు మారింది. ఇవాళ కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వశాఖ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూడగలిగే కంపెనీ వివరాల పేజీ తెరిస్తే ముంబయి నారిమన్ పాయింట్ చిరునామా ఒక్కటే కనిపిస్తుంది. పాత ఊరి ప్రస్తావనే ఉండదు. ఒక్క రిలయన్స్ అనే కాదు, ఏ కంపెనీదైనా ఆ పేజీలో ఉండేది ఇవాళ్టి చిరునామా మాత్రమే. అయినా అదే పేజీలో, చిరునామాకు కాస్త పైన, ఆ కంపెనీ ఒకప్పుడు రాష్ట్రం దాటి వచ్చిందని చెప్పే ఆనవాలు ఉంది.

అది 21 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య. దాన్ని సిన్ అంటారు. కంపెనీ పంపే ఉత్తరాల మీద, బిల్లుల మీద, నోటీసుల మీద అది తప్పనిసరిగా ఉండాలని కంపెనీల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. రిలయన్స్‌ది ఇదీ:

```
L17110MH1973PLC019786
```

మొదటి అక్షరం L అంటే స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీ. తర్వాతి ఐదంకెలు పరిశ్రమ సంకేతం. ఇక్కడున్నది వస్త్ర పరిశ్రమది. చమురు శుద్ధి, టెలికాం దాకా వచ్చిన కంపెనీ నంబరులో బట్టల మిల్లు గుర్తు అలాగే ఉండిపోయింది. MH మహారాష్ట్ర, 1973 కంపెనీ పుట్టిన ఏడాది, PLC పబ్లిక్ లిమిటెడ్. చివరి ఆరంకెలు ఆ రాష్ట్ర కంపెనీల రిజిస్ట్రార్ పుస్తకంలో దాని వరుస సంఖ్య.

ఆచూకీ ఆ చివరి ఆరంకెల్లోనే ఉంది. కంపెనీ వేరే రాష్ట్రానికి పోతే పుట్టిన ఏడాది మారదు. కొత్త రాష్ట్రం రిజిస్ట్రార్ మాత్రం తన పుస్తకంలో ఆ రోజుకు నడుస్తున్న వరుసలో కొత్త సంఖ్య ఇస్తాడు. అంటే ఏడాది పుట్టుకను చెబుతుంది, వరుస సంఖ్య ఆ రాష్ట్రంలో అడుగుపెట్టిన కాలాన్ని చెబుతుంది. ఈ రెండింటికీ పొంతన కుదరకపోతే కంపెనీ ఎక్కడి నుంచో వచ్చిందన్నమాట.

సరిచూడటానికి అదే రాష్ట్రంలో పుట్టి అక్కడే ఉన్న మరో కంపెనీ సంఖ్య కావాలి. గృహరుణాల సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ 1977 అక్టోబరులో ముంబయిలో నమోదైంది. 2023లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసిపోయేదాకా దాని సిన్ ఇది:

```
L70100MH1977PLC019916
```

రెండు వరుస సంఖ్యలూ పక్కపక్కన పెట్టండి: 019786, 019916. మధ్య తేడా 130 మాత్రమే. 1973 అని రాసి ఉన్న కంపెనీ 1977లో పుట్టిన కంపెనీకి కాస్త ముందు నిలబడి ఉంది. రిలయన్స్ 1977లో, హెచ్‌డీఎఫ్‌సీ కంటే కొద్దిగా ముందు మహారాష్ట్ర పుస్తకంలోకి ఎక్కిందని పైసా ఖర్చు లేకుండా, ఒక్క పాత కాగితం కూడా తిరగేయకుండా చెప్పొచ్చు. కంపెనీ తన చరిత్రగా ప్రకటించినదీ అదే ఏడాది.

ఇంకో చిన్న సంగతి. 1973 మే నాటికి ఆ రాష్ట్రం పేరు కర్ణాటక కాదు, మైసూరు. పేరు మారింది ఆ ఏడాది నవంబరు 1న. అందుకే పాత కాగితాలు వెతికేటప్పుడు కంపెనీ పాత పేరుతోపాటు రాష్ట్రం పాత పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి.

విప్రో కంటే ముందే ఇన్ఫోసిస్ కర్ణాటక పుస్తకంలోకి ఎక్కిందని మీకు తెలుసా?

విప్రో 1945 నాటిది. ఇన్ఫోసిస్ 1981లో పుణెలో పుట్టింది. వయసులో 36 ఏళ్ల తేడా ఉంది. ఇప్పుడు రెండింటి సిన్‌లూ, వాటితోపాటు కర్ణాటకలోనే పుట్టిన బయోకాన్‌దీ, 2022లో విలీనమైపోయిన మైండ్‌ట్రీదీ చూడండి:

```
L24234KA1978PLC003417   బయోకాన్
L85110KA1981PLC013115   ఇన్ఫోసిస్
L32102KA1945PLC020800   విప్రో
L72200KA1999PLC025564   మైండ్‌ట్రీ
```

బయోకాన్, మైండ్‌ట్రీ రెండూ మనకు గట్టు రాళ్లు. 1978 నాటికి కర్ణాటక వరుస మూడు వేల నాలుగు వందల దగ్గర ఉంది. 1999కి పాతిక వేలు దాటింది. 1981లో పుట్టిన కంపెనీకి పదమూడు వేల సంఖ్య రావడం కుదరదు, కాబట్టి ఇన్ఫోసిస్ బయటి నుంచి వచ్చింది. 1945 నాటి విప్రోకు ఇరవై వేల సంఖ్య అసలే కుదరదు, అదీ బయటి నుంచే వచ్చింది. మహారాష్ట్రలోని అమల్నేర్‌లో వంటనూనెల కంపెనీగా మొదలైన విప్రో, కాగితాల మీద కన్నడనాడుకు చేరింది ఇన్ఫోసిస్ తర్వాతే.

ఈ లెక్కకు హద్దులున్నాయి, అవి తెలియకపోతే తప్పుదారి పడతాం. వరుస సంఖ్య తేదీ కాదు, సుమారు కాలాన్ని మాత్రమే చూపిస్తుంది. మధ్యలో రెండు మూడు రాష్ట్రాలు తిరిగి ఉంటే చివరి మజిలీ ఒక్కటే కనిపిస్తుంది. ఇక ఒకే ఊళ్లో వీధి మారితే సిన్‌లో చిన్న గీత కూడా కదలదు. MH, KA లాంటి రెండక్షరాలు ఎప్పుడూ రాష్ట్రం పేరే అనుకోవడమూ పొరపాటు. హోసూరులో రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న టైటాన్ సిన్‌లో TZ అని ఉంటుంది. తమిళనాడుకు చెన్నై, కోయంబత్తూరు అని రెండు రిజిస్ట్రార్ ఆఫీసులున్నాయి. TZ కోయంబత్తూరుది.

ఆఫీసు అంగుళం కదలకుండానే మన కంపెనీల నంబర్లు మారాయని తెలుసా?

డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ పాత వార్షిక నివేదికల్లో సిన్ ఇలా ఉండేది, ఇప్పుడు ఇలా ఉంది:

```
L85195AP1984PLC004507
L85195TG1984PLC004507
```

ఏడాది అదే, వరుస సంఖ్య అదే. మారినవి రెండక్షరాలే. కంపెనీ ఎక్కడికీ పోలేదు. 2014 జూన్ 2న తెలంగాణ వేరుపడ్డాక హైదరాబాద్ కంపెనీల సంఖ్యల్లో AP పోయి TG వచ్చింది. కనుక రాష్ట్రం అక్షరాలు మారి వరుస సంఖ్య అలాగే ఉంటే విభజన జరిగిందని, వరుస సంఖ్య కూడా మారి ఉంటే ఆఫీసే కదిలిందని అర్థం. పాత బిల్లు మీద ఒక సిన్, కొత్త బిల్లు మీద ఇంకో సిన్ చూసి ఇవి రెండు వేర్వేరు కంపెనీలని అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. అలాంటప్పుడు చివరి ఆరంకెలు సరిచూడాలి.

విభజన వల్ల ఇంకా పెద్ద తేడా వచ్చింది. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు రిజిస్టర్డ్ ఆఫీసు మార్చడం 2012లో ఒక పని, 2016లో పూర్తిగా వేరే పని. 2012లో రెండు ఊళ్లూ ఒకే రాష్ట్రంలో, ఒకే రిజిస్ట్రార్ కింద ఉన్నాయి. వాటాదారుల ప్రత్యేక తీర్మానం చేసి, దాన్ని Form 23లో దాఖలు చేసి, కొత్త చిరునామాను Form 18లో తెలిపితే సరిపోయేది. 2016కు వచ్చేసరికి అది రాష్ట్రం దాటడం అయింది. మెమోరాండం మార్చాలి, రీజినల్ డైరెక్టర్‌కు INC-23లో దరఖాస్తు పెట్టుకోవాలి, అప్పులిచ్చినవాళ్ల జాబితా ఇవ్వాలి, పేపర్లో ప్రకటన వేయాలి, ఉత్తర్వు వచ్చాక దాన్ని INC-28లో దాఖలు చేయాలి, ఆ తర్వాతే INC-22లో కొత్త చిరునామా చెప్పాలి. ఒకే ప్రయాణానికి ఒక కాలంలో రెండు కాగితాలుంటే, మరో కాలంలో అరడజను కాగితాల జాడ ఉంటుంది. మీరు వెతుకుతున్న మార్పు ఏ కాలానిదో ముందు తేల్చుకుంటే ఏ కాగితం కోసం చూడాలో తెలుస్తుంది.

పేపరు ప్రకటన తెలుగువాళ్లకు బాగా పనికొచ్చే ఆధారం. రాష్ట్రం దాటే కంపెనీ ఒక ఇంగ్లిషు పత్రికలోనూ, పాత ఆఫీసున్న జిల్లా ప్రధాన భాషా పత్రికలోనూ INC-26 నమూనాలో ప్రకటన ఇవ్వాలి. అంటే ఆంధ్ర, తెలంగాణల నుంచి పోయే కంపెనీ తెలుగు దినపత్రికలో చెప్పే పోవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఎక్కడికి రాయాలో, కంపెనీ అప్పటి చిరునామా ఏమిటో అందులోనే ఉంటాయి. కంపెనీ మీద విచారణ, తనిఖీ, దర్యాప్తు మొదలై ఉన్నా, ప్రాసిక్యూషన్ పెండింగులో ఉన్నా ఆఫీసు మార్పుకు అనుమతి ఇవ్వకూడదని నిబంధన.

ఊళ్లోనే జరిగే మార్పు చప్పుడు లేకుండా అయిపోతుందని తెలుసా?

ఒకే నగరం హద్దుల్లో ఆఫీసు మారితే డైరెక్టర్ల బోర్డు తీర్మానం చాలు. వాటాదారులను అడగక్కర్లేదు, పేపర్లో వేయక్కర్లేదు. మిగిలే జాడ ఒక్క ఫారం. 2014 ఏప్రిల్ నుంచి అది INC-22, అంతకు ముందు Form 18. మార్పు జరిగిన 30 రోజుల్లోగా దాన్ని దాఖలు చేయాలి. మామూలు జనానికి ఎదురయ్యే చిక్కులు ఎక్కువగా ఇలాంటి మార్పులతోనే అని నా అభిప్రాయం. రాష్ట్రం దాటే కంపెనీ నలుగురికీ చెప్పి పోతుంది. పక్క వీధికి మారే కంపెనీకి ఆ అవసరమే లేదు.

INC-22 చేతికొస్తే మాత్రం అందులో చిరునామాకు మించిన సమాచారం ఉంటుంది. ఏ తేదీ నుంచి మార్పు అమలైందో ఉంటుంది. ఆ భవనం కంపెనీదా, డైరెక్టరుదా, అద్దెదా అన్నది ఉంటుంది. అది ఏ పోలీసు స్టేషను పరిధిలోకి వస్తుందో కూడా రాయాలి. అద్దె ఒప్పందం, యజమాని ఒప్పుకోలు, రెండు నెలలకు మించి పాతబడని కరెంటు బిల్లు లాంటిది జత చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, అదే చిరునామాలో ఇంకే కంపెనీలు ఉన్నాయో వాటి సిన్‌లతో సహా జాబితా ఇవ్వాలి. ఒక గదిలో పాతిక కంపెనీలు కాపురం ఉంటే ఆ సంగతి అక్కడ బయటపడుతుంది. రెండు కంపెనీలు వరసగా రెండు మూడు చిరునామాలకు కలిసే మారుతూ వచ్చాయంటే, వాటి మధ్య సంబంధం ఏమిటని అడగడానికి అది మంచి కారణం.

ఈ కాగితాలు చూడటానికి లాయరు అక్కర్లేదు. పోర్టల్‌లో View Public Documents అనే సేవలో ఒక్కో కంపెనీకి 100 రూపాయలు కడితే దాని దాఖలాలు ఎవరైనా చూడొచ్చు. గడువు కొన్ని గంటలే కాబట్టి, డబ్బు కట్టకముందే ఏమేం కావాలో రాసుకుని కూర్చోవాలి. తెరిచాక పాతవాటి నుంచి కొత్తవాటి వైపు రండి. ప్రతి Form 18, ప్రతి INC-22 దగ్గరా మూడు తేదీలు వేర్వేరుగా రాసుకోండి: తీర్మానం జరిగిన తేదీ, మార్పు అమలైన తేదీ, ఫారం దాఖలైన తేదీ.

మూడెందుకంటే, తగాదా వచ్చేది వాటి మధ్య ఖాళీలోనే. ఒక సరుకుల వ్యాపారి బాకీ కోసం మార్చి 20న ఒక కంపెనీ పాత చిరునామాకు నోటీసు పంపాడనుకుందాం. కవరు తిరిగొచ్చింది. కంపెనీ మార్చి 1 నుంచి ఆఫీసు మార్చింది, INC-22 దాఖలు చేసింది మాత్రం జూన్ 10న. వ్యాపారి నోటీసు పంపిన రోజున రిజిస్ట్రార్ రికార్డులో ఉన్నది పాత చిరునామాయే, ఆ రోజు అతను ఎంత జాగ్రత్తగా చూసినా కనిపించేది అదే. కంపెనీకి పత్రాలను రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు పంపి అందజేయవచ్చని చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. అందుకే అమలు తేదీ ఒక్కటే రాసుకుంటే ఈ కథ సగమే తెలుస్తుంది. దాఖలు తేదీ పక్కన పెడితేనే కంపెనీ 30 రోజుల గడువు దాటించిందన్న సంగతి బయటికొస్తుంది. ఆలస్యానికి రోజుకు వెయ్యి రూపాయలు, గరిష్ఠంగా లక్ష దాకా జరిమానా వేయొచ్చు.

దివాలా దరఖాస్తు వేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఏ ఎన్‌సీఎల్‌టీ బెంచికి వెళ్లాలన్నది కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

2006కు ముందటి కాగితాలు ఆన్‌లైన్‌లో దొరక్కపోయినా దారి ఉందని తెలుసా?

మంత్రిత్వశాఖ ఎంసీఏ21 పేరుతో దాఖలాలను కంప్యూటర్‌లోకి తెచ్చింది 2006లో. అంతకు ముందటి కాగితాల్లో కొన్ని స్కాన్ అయ్యాయి, కొన్ని కాలేదు. Form 18 కనిపించలేదంటే మార్పు జరగలేదని కాదు. అప్పుడు పక్క సాక్ష్యాలు పట్టుకోవాలి.

వార్షిక రిటర్నుల్లో ప్రతి ఏటా రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఉంటుంది. వాటిని వరసగా పేరిస్తే ఏ రెండేళ్ల మధ్య చిరునామా మారిందో తేలుతుంది. ఒకే ఏడాదిలో రెండుసార్లు మారి ఉంటే మాత్రం మధ్యలోది జారిపోతుంది. కంపెనీ బ్యాంకు అప్పు తీసుకుని ఆస్తి తాకట్టు పెట్టినప్పుడు దాఖలయ్యే పత్రాల్లో ఆ రోజు నాటి చిరునామా ఉంటుంది, ఖాళీలు పూడ్చడానికి నాకు తెలిసి అంతకంటే మంచివి లేవు. ఏడాదికోసారి జరిగే సర్వసభ్య సమావేశాన్ని రిజిస్టర్డ్ ఆఫీసులో గానీ, అదే ఊళ్లో మరోచోట గానీ జరపాలని నియమం. కాబట్టి పాత సమావేశ నోటీసులో ఏ ఊరి హాలు పేరు ఉందో చూస్తే, ఆ ఏడాది ఆఫీసు ఏ ఊళ్లో ఉందో తెలిసిపోతుంది.

2019లో ఇంకో మంచి ఆధారం తయారైంది. 2017 డిసెంబరు 31లోగా నమోదైన కంపెనీలు INC-22A అనే ఫారం దాఖలు చేయాలని ప్రభుత్వం ఆదేశించింది. అందులో ఆఫీసు బయటి ఫోటో, లోపలి ఫోటో, లోపల కనీసం ఒక డైరెక్టరు కనబడేలా ఉండాలి. అక్షాంశం, రేఖాంశం కూడా ఇవ్వాలి. దాఖలు చేయని కంపెనీలను పోర్టల్ నిబంధనలు పాటించనివిగా గుర్తు పెట్టింది, చిరునామా మార్పుతో సహా కొన్ని ఫారాలు వాటి నుంచి తీసుకోలేదు. కంపెనీ నిజంగా ఆ చోట ఉందా, బోర్డు మాత్రమే ఉందా అన్నది ఆ ఫోటో చూస్తే చాలావరకు తెలుస్తుంది.

బోర్డు విషయానికొస్తే, ఆఫీసు బయట పేరు, చిరునామా రాసి ఉండాలి, అదీ ఆ ప్రాంతంలో వాడే లిపిలో కూడా ఉండాలని చట్టం చెబుతుంది. మన ఊళ్లలో అది తెలుగు. 2022 నుంచి రిజిస్ట్రార్ అనుమానం వస్తే ఇద్దరు స్థానిక సాక్షులతో స్వయంగా వెళ్లి చూసి, ఫోటో తీసి నివేదిక రాయొచ్చు.

హైదరాబాద్ చిరునామాల్లో నమ్మదగింది వీధి పేరు కాదు, ఇంటి నంబరు అని తెలుసా?

రెండు ఫారాల్లో చిరునామా వేరుగా కనిపించగానే ఆఫీసు మారిందని రాసేసుకోకండి. ఒకదాంట్లో కాలనీ పేరు, ఇంకోదాంట్లో మెయిన్ రోడ్డు పేరు, మూడోదాంట్లో ఎదురుగా ఉన్న సినిమా హాలు పేరు రాసి ఉండొచ్చు. మూడూ ఒకే మేడ కావచ్చు. హైదరాబాద్ పాత ఇంటి నంబర్లలో మొదటి అంకె వార్డుది, రెండోది బ్లాకుది, ఆ తర్వాత ఇంటిది. బై నంబరుతో సహా అవి కలిస్తే చోటు అదే. పిన్‌కోడ్ లేని చిరునామా కనిపిస్తే అది బాగా పాతది కావచ్చు, మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఉండే ప్రధాన వ్యాపార స్థలాన్ని రిజిస్టర్డ్ ఆఫీసుగా తీసుకోవద్దు. అది ఫ్యాక్టరీ కావచ్చు, గోడౌను కావచ్చు.

ఇవన్నీ బ్రిటన్‌లో ఒకే తెర మీద ఉచితంగా కనిపిస్తాయని తెలుసా?

అక్కడి కంపెనీస్ హౌస్ 2015 నుంచి కంపెనీల దాఖలాల చరిత్ర మొత్తం డబ్బు తీసుకోకుండా చూపిస్తోంది. చిరునామా మార్పు ఫారం పేరు AD01, 2009 అక్టోబరుకు ముందైతే 287. ఇంగ్లండ్‌లో నమోదైన కంపెనీ తన రిజిస్టర్డ్ ఆఫీసును స్కాట్లాండ్‌కు మార్చుకోవడం కుదరదు. మన కంపెనీలకున్న రాష్ట్రం దాటే వీలు అక్కడ లేదు. ఒక కంపెనీ తమ ఇంటి చిరునామాను తమ అనుమతి లేకుండా వాడుకుందని ఎవరైనా ఫిర్యాదు చేసి నిరూపిస్తే, ఆ కంపెనీని కార్డిఫ్‌లోని ఒక పోస్టుబాక్సు చిరునామాకు మార్చేస్తారు. లండన్, బర్మింగ్‌హామ్‌లలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఒక బ్రిటిష్ కంపెనీ గురించి ఆరా తీస్తుంటే, చిరునామాలో Companies House Default Address అనే మాటలు కనిపించిన చోట ఆగి ఆలోచించాలి.

మన పోర్టల్‌లోని ఉచిత పేజీలో పాత చిరునామాలు తేదీలతో సహా ఒక చిన్న పట్టికగా పెట్టడం కష్టమైన పని కాదు, ఆ వివరాలన్నీ ఫారాల్లో ముందే ఉన్నాయి. అది జరిగేదాకా, మీ దగ్గర పాత షేరు సర్టిఫికెట్ గానీ, డిపాజిట్ రశీదు గానీ, చెల్లించని బిల్లు గానీ ఉంటే దాని మీద ఉన్న చిరునామా, తేదీ, ఉంటే సిన్ జాగ్రత్తగా రాసిపెట్టుకోండి. కాగితం పారేయకండి. 100 రూపాయలు కట్టి వెతకడం మొదలుపెట్టేది అక్కడి నుంచే.